అక్షరాల లోతు తగ్గిన బకిల్: పోత పోసిన నకిలీదా, మెరుగు పెట్టిన అసలుదా?

పాత లగ్జరీ బెల్టులు, బ్యాగులు చేతులు మారేటప్పుడు వాటి మెటల్ భాగాలు చూసి రిపోర్టు రాసివ్వడం విశాఖలో నా పని. తోలు, కుట్టు చూసేవాళ్లు వేరే ఉన్నారు. నా బల్ల మీదికి వచ్చేవి బకిళ్లు, జిప్పులు, తాళాలు, రివెట్లు. ఈ కేసులో బ్రాండు పేరు, మోడల్, ఊళ్లోని మనుషుల వివరాలు వదిలేస్తున్నాను. కింద ఇచ్చే కొలతలు ఆ ఒక్క మోడల్‌కే వర్తిస్తాయి, ఇంకో బకిల్‌ పక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు. పద్ధతి మాత్రం వేరే బకిళ్లకూ పనికొస్తుంది.

నేపథ్యం

బెల్టు యజమాని ఓడల్లో పనిచేసి రిటైర్ అయిన పెద్దాయన. విదేశంలో ఉన్నప్పుడు షోరూమ్‌లోనే కొన్నానంటారు, బిల్లు లేదు. బకిల్ పలకలా ఉంటుంది, బంగారు రంగు పూత. మందం 3 మి.మీ.కి కొంచెం పైన. ముందువైపు అడుగు భాగంలో బ్రాండు పేరు చెక్కి ఉంటుంది. పట్టీ దూరడానికి ఒక సందు, వెనక ఒక గుండు మొలక, ఒక కొక్కెం. తోలు పట్టీని వాటికి తగిలిస్తారు, కావాలంటే విప్పి వేరేది వేసుకోవచ్చు. ఈ మోడల్‌లో వెనకవైపు అక్షరాలేమీ ఉండవు.

ఆయన కూతురు దాన్ని అమ్మకానికి పెడితే, వేరే ఊరి రీసేలర్ ఒకరు ఫొటోలు చూసి నకిలీ అని తిప్పి పంపారు. కారణాలు మూడు చెప్పారు. అక్షరాలు లోతుగా లేవు, కుడివైపు చివర దాదాపు కనిపించడం లేదు. అంచులు వాడిన సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉన్నాయి. మూలల్లో పూత పోయిన చోట బూడిద తెలుపు కనిపిస్తోంది, అంటే లోపల జింకు. ఇంట్లో టెన్షన్ మొదలైంది. డబ్బు పోయిందని కాదు, ఇన్నేళ్లు నడుముకు పెట్టుకున్నది దొంగ సరుకు అన్నారని పెద్దాయన బాధ.

మూడు కారణాలూ నిజమే

రీసేలర్ గమనించినవి తప్పు కావు. భూతద్దంలో చూస్తే నాకూ ఆ మూడే కనిపించాయి. చవక నకిలీల్లో చాలావరకు జింకు మిశ్రమంతో పోత పోసినవే, ఆ లోహాన్ని జమాక్ అంటారు. అసలు బకిల్ మీద అచ్చు తీసి పోత పోస్తే అక్షరాల అంచులు మెత్తబడతాయి, లోతు తగ్గుతుంది. పూత అరిగితే బూడిద రంగు బయటపడుతుంది. ఫొటోలు మాత్రమే చూసి ఒక మాట చెప్పమంటే చాలామంది ఆ మాటే చెప్తారు.

కానీ ఆ మూడు గుర్తులూ ఇంకో దారిలో కూడా రావచ్చు. ఈ ఊళ్లో అది నేను తరచూ చూసే దారి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. పూతలోని సన్నని రంధ్రాల్లోంచి ఆ తేమ ఇత్తడిని చేరితే చిలుము పడుతుంది, పూత మీద పచ్చటి చుక్కలు లేస్తాయి. ఇంట్లోవాళ్లు ఆ వస్తువును నగలతో పాటు మెరుగుకు ఇచ్చేస్తారు. పనివాడు చుక్కలు పోవడానికి ముందు ఎమరీతో రుద్ది, బఫ్ చక్రానికి పట్టి నున్నగా చేసి, నికెల్ పూత, దాని మీద పల్చటి బంగారు పూత వేసి ఇస్తాడు. నగకైతే అది మంచి పనే. చెక్కిన అక్షరాలున్న బకిల్‌కు మాత్రం పై లోహం తగ్గుతుంది, అక్షరాల లోతు తగ్గుతుంది, అంచులు గుండ్రమవుతాయి, కొత్త పూత అరిగితే నికెల్ తెలుపు బయటపడుతుంది. మూడుకు మూడూ సరిపోతాయి.

అంటే ఆ మూడు గుర్తుల్లో ఏ ఒక్కటీ దానంతటది తీర్పు ఇవ్వదు. నకిలీలో ఒకలా, మెరుగు పెట్టిన అసలుదానిలో మరోలా కనిపించే గుర్తు కావాలి. ఈ కేసంతా ఆ వెతుకులాటే.

పెద్దాయన్ని మెరుగు గురించి అప్పుడే అడగలేదు. ముందే అడిగి ఆయన అవునంటే, ఆ తర్వాత నేను కొలిచే ప్రతి కొలతా ఆ కథకు సరిపోయేట్టే కనిపిస్తుంది. అడగడం చివరికి పెట్టుకున్నాను.

పనికిరాని పరీక్షలు

మొదట అయస్కాంతం. అంటుకోలేదు. దానితో తెలిసేది లోపల మామూలు ఇనుము లేదని మాత్రమే. ఇత్తడికీ అంటుకోదు, జమాక్‌కీ అంటుకోదు. నికెల్‌కు అయస్కాంత గుణం ఉన్నా, పూత మందంలో ఉన్న నికెల్ చేతికి తెలిసేంత లాగదు. చాలామంది ఈ పరీక్షను నకిలీలు పట్టే పరీక్ష అనుకుంటారు. మన ప్రశ్నకు మాత్రం అది జవాబు చెప్పదు.

తర్వాత బంగారం టంచు చూసే ఎక్స్‌రే మెషీన్. కురుపాం మార్కెట్ వైపు నగల షాపులు ఎక్కువ, అలాంటి మెషీన్ మీద చూపించుకోవడం ఇక్కడ కష్టం కాదు. బకిల్ ముందువైపు పెట్టి చూస్తే స్క్రీన్ మీద రాగి, జింకు, నికెల్, కొంచెం బంగారం, పక్కన శాతాలు వచ్చాయి. పెద్దాయన కూతురు ఆ కాగితం చూసి, "జింకు ఉందన్నారుగా, అయితే నకిలీదేనా?" అని కంగారు పడ్డారు.

ఆ శాతాలను నమ్మకూడదు. ఆ మెషీన్ పంపే కిరణాలు పూత దాటి కింది లోహంలోకి కొంత దూరం వెళ్తాయి. దారిలో తగిలిన పొరలన్నిటి సంకేతాన్నీ కలిపి తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం లోపలా బయటా ఒకే మిశ్రమం అనుకుని లెక్క వేసి మొత్తం నూరు శాతానికి సరిపెడుతుంది. నగకు అది సరే. పొరలున్న వస్తువుకు ఆ అంకెలకు అర్థం లేదు.

దీనికి తోడు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. ఇత్తడి అంటేనే రాగి, జింకు. జమాక్‌లో ఎక్కువ భాగం జింకే, అల్యూమినియం సుమారు 4 శాతం. కానీ జమాక్ మీద నేరుగా నికెల్ పూత వేస్తే ఆ ద్రావణం జింకును తినేస్తుంది, అందుకని ముందు రాగి పూత వేస్తారు. అంటే రాగి పూత వేసిన జమాక్‌ను మెషీన్ కింద పెట్టినా రాగి, జింకు రెండూ వస్తాయి, ఇత్తడిలాగే. తేడా చెప్పగలిగింది అల్యూమినియం. దాని సంకేతం చాలా బలహీనం, గాలిలోనే చాలావరకు ఇంకిపోతుంది. నగల కోసం అమర్చిన మెషీన్లలో అది కనిపించకపోవడం మామూలే. అందుకే ఆ కాగితాన్ని పక్కన పెట్టాం.

నీటి తూకం

లోపలి లోహం ఏమిటో తెలియాలంటే పూతతో సంబంధం లేని పరీక్ష కావాలి. వస్తువు మొత్తాన్ని తూచే పరీక్ష అంటే సాంద్రత. పట్టీ విప్పేశాక బకిల్ ఒకే లోహపు ముక్క, రాళ్లు లేవు, ఎనామిల్ లేదు, లోపల బోలు లేదు. అందుకే ఈ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది.

నగల తూకంలో గాలిలో బరువు 46.82 గ్రాములు. సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూస్తే 41.30. తేడా 5.52. గాలిలో బరువును ఆ తేడాతో భాగిస్తే 8.48, మన గది వేడికి నీటి సాంద్రత సవరించితే 8.45 దగ్గరికి వస్తుంది. ఇత్తడి సాంద్రత సాధారణంగా ఘన సెంటీమీటరుకు 8.4 నుంచి 8.7 గ్రాములు, జమాక్‌ది 6.6 చుట్టుపక్కల. ఇదే పరిమాణంలో జమాక్ బకిల్ ఉంటే 36 గ్రాములు దాటి కొంచెమే ఉండేది. పది గ్రాముల తేడాకు తూకం పొరపాటు సాకు కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అక్షరాల గుంటల్లో, మొలక మొదట్లో గాలి బుడగలు పట్టుకుంటాయి. అవి వస్తువును పైకి లేపి సాంద్రతను తక్కువగా చూపిస్తాయి, ఇత్తడి కూడా అనుమానంగా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క పాత్రల లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో గుంటలు తుడిచి, అప్పుడు తూచాలి.

అయితే ఇత్తడి అని తేలినంత మాత్రాన అసలుదని కాదు. మంచి నకిలీలు ఇత్తడితోనే చేస్తున్నారు. ఈ పరీక్ష చవక నకిలీని తోసేసింది, అంతే. రీసేలర్ చెప్పిన మూడో కారణం, జింకు అన్నది, ఇక్కడితో పోయింది. కానీ మూలల్లో కనిపించే ఆ బూడిద తెలుపు ఏమిటన్న ప్రశ్న మిగిలింది.

అరిగిన మూలలో వలయాలు

పూత అరిగిన మచ్చను మైక్రోస్కోపులో 60 రెట్లు పెంచి చూస్తే అది ఒకే రంగులో ఉండదు. మధ్యలో ఎక్కువ అరుగుతుంది, అంచుల వైపు తక్కువ. అందుకని పొరలు ఒకదాని తర్వాత ఒకటి వలయాల్లా బయటపడతాయి. బయటి నుంచి లోపలికి ఆ రంగుల వరుస చదవాలి. జమాక్ నకిలీలో నాకు మామూలుగా కనిపించే వరుస బంగారు రంగు, తెలుపు, రాగి ఎరుపు, ఆ లోపల మసక నీలి బూడిద. ఆ బూడిదలో చిన్న చిన్న గుంటలు, ఈ ఊరి గాలికి తెల్లపొడి కూడా ఉంటుంది. ఈ బకిల్‌లో వరుస వేరు: బంగారు రంగు, మెరిసే తెలుపు, నట్టనడుమ ఇత్తడి పసుపు. ఎరుపు వలయం లేదు.

ఆ తెలుపు నికెలేనా అని రూఢి చేసుకోవడానికి డైమిథైల్ గ్లైయాక్సిమ్ ద్రావణం, అమ్మోనియా కలిపి దూదిపుల్లతో అరిగిన మూల మీద రుద్దాను. దూది గులాబీ రంగుకు తిరిగింది. నికెల్ అని తేలింది. నకిలీల్లో కూడా నికెల్ ఉంటుంది కాబట్టి ఇది ఎటువైపూ తీర్పు కాదు. కానీ నా దగ్గర ఉన్న పోలిక బకిల్‌లో అరిగిన చోట బంగారు రంగు కింద నేరుగా ఇత్తడే కనిపిస్తుంది, మెరిసే తెలుపు లేదు. ఇదే మోడల్ అది, బిల్లుతో సహా కొన్న ఒక పాత కస్టమర్ పోలిక కోసం ఇచ్చారు. అంటే ఇప్పుడు కనిపిస్తున్న పూత కంపెనీ వేసింది కాదు.

ఇక రెండే దారులు మిగిలాయి. ఎవరో ఇత్తడితో చేసి ఇలా పూత వేసిన నకిలీ, లేదా అసలు బకిల్‌కు తర్వాత పడిన పూత.

లోతు ఎలా తగ్గింది

అక్షరాల లోతు కంటితో అంచనా వేయడం ప్రమాదం. వెలుతురు పక్కనుంచి పడితే లోతుగా, ఎదురుగా పడితే పల్చగా కనిపిస్తుంది. అందుకని అచ్చు తీశాను. పళ్ల డాక్టర్లు కొలతకు వాడే పల్చటి సిలికాన్‌ను అక్షరాల మీద పోసి, గట్టిపడ్డాక ఒలిచి, కొత్త బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ కోతను మైక్రోస్కోపులో చూడడం. గుంట ఆకారం తిరగేసి గట్టులా కనిపిస్తుంది. ఎత్తు కొలిస్తే అదే లోతు. బకిల్‌కు గీత కూడా పడదు.

పోలిక బకిల్‌లో అన్ని అక్షరాల్లోనూ లోతు 0.18 మి.మీ. చుట్టూనే ఉంది. మన బకిల్‌లో మధ్య అక్షరాల దగ్గర 0.11, కుడి చివర అక్షరం దగ్గర 0.08. పూత గుంటల్ని పూడ్చేసిందేమో అని ఒకరు అన్నారు. కుదరదు. ఇలాంటి నికెల్ పూత మి.మీ.లో వందో వంతు చుట్టూ ఉంటుంది, దాని మీద బంగారం ఇంకా ఎంతో పల్చన. పైగా పూత గుంటలోనూ పడుతుంది, పైముఖం మీదా పడుతుంది, కాబట్టి లోతు పెద్దగా మారదు. మి.మీ.లో పదో వంతు దాకా లోతు తగ్గాలంటే లోహమే పోయి ఉండాలి, లేదా మొదటినుంచీ అంతే చెక్కి ఉండాలి.

లోహం పోయి ఉంటే పలక మందంలోనూ అదే తగ్గుదల కనిపించాలి. మైక్రోమీటర్ పెట్టాను. పోలిక బకిల్ మందం అంతటా 3.20. మన బకిల్ మధ్య అక్షరాల దగ్గర 3.13, కుడి చివర 3.10. లోతు ఎక్కడ ఎంత తగ్గిందో మందం కూడా అక్కడ అంతే తగ్గింది: మధ్యలో 0.07, చివర 0.10. మందంలోంచి లోతు తీసేస్తే గుంట అడుగు నుంచి వెనక ముఖం దాకా ఉన్న దూరం వస్తుంది. అది రెండు బకిళ్లలోనూ, అన్ని చోట్లా 3.02. గుంటల అడుగు కదల్లేదు, పైముఖమే కిందికి దిగింది. చివర ఎక్కువ దిగడానికి కారణం బఫ్ చక్రం అంచు దగ్గర ఎక్కువ కొరుకుతుంది. చేత్తో పట్టుకుని రుద్దే ఎవరికైనా ఇది అనుభవమే.

గుంట అడుగు ఆకారం కూడా చూడాలి. పైఅంచు గుండ్రంగా ఉండడం రెండు కథలకూ సరిపోతుంది, దాంతో తేలదు. గుంట గోడ అడుగును కలిసే మూల చూడాలి, బఫ్ గుడ్డ అక్కడికి దూరలేదు. ఈ బకిల్‌లో ఆ మూల పదునుగా ఉంది, అడుగు చదునుగా ఉండి కట్టర్ తిరిగిన సన్నని చారలు కొత్త పూత కింద నుంచి కూడా తెలుస్తున్నాయి. పోత పోసిన అక్షరంలో పైఅంచుతో పాటు ఆ అడుగు మూల కూడా మెత్తబడుతుంది. లేజర్‌తో చెక్కితే అడుగు గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు.

కదలని దూరం

ఇంతవరకు చూసినవి మెరుగు కథ వైపే మొగ్గాయి. కానీ ఒక మొండి అవకాశం ఉంది. అసలు బకిల్ మీద అచ్చు తీసి ఇత్తడితో పోత పోసి, అక్షరాలు మాత్రం కట్టర్‌తో తిరిగి పదును చేసి, తర్వాత మెరుగు పెట్టి ఉంటే? దాన్ని పట్టాలంటే మెరుగు మార్చలేనిది, పోత తప్పకుండా మార్చేది ఒకటి కొలవాలి. అది అక్షరాల మధ్య దూరం.

బఫ్ చక్రం పైముఖాన్ని దింపుతుంది కానీ ఒక అక్షరాన్ని ఇంకో అక్షరానికి దగ్గర చేయదు. పోతలో అలా కాదు. అసలుదాని మీద అచ్చు తీసి, అందులో మైనం పోసి, ఆ మైనం నుంచి లోహం పోస్తే, చల్లారేటప్పుడు మైనమూ కుదించుకుంటుంది, లోహమూ కుదించుకుంటుంది. మొత్తం మీద 1 నుంచి 2 శాతం చిన్నదవుతుంది. అక్షరాలకు మళ్లీ పదును పెట్టినా, చిన్నదైన అక్షరాల మీదే కట్టర్ నడుస్తుంది, దూరం తిరిగి రాదు.

మొదటి అక్షరం నిలువు గీత నుంచి చివరి అక్షరం నిలువు గీత దాకా కొలిచాను. పోలిక బకిల్‌లో 24.36, మన బకిల్‌లో 24.35. నా డబ్బాలో ఉన్న ఇదే మోడల్ పోత నకిలీలో 24.05. మైక్రోస్కోపులో నా కొలత ఒకటి రెండు వందోవంతులు అటూఇటూ కావచ్చు. దాదాపు మూడింట ఒక వంతు మి.మీ. తేడా ఆ పొరపాటులో మునిగేది కాదు.

ఇక్కడ ఎక్కడ పెట్టి కొలుస్తామన్నది ముఖ్యం. పైఅంచు పట్టుకుని కొలవకూడదు. బఫ్ ఒకే దిశలో లాగుతుంది కాబట్టి గుంటకు ఒక పక్క అంచు ఎక్కువ అరుగుతుంది, పాత చిలుము గుంటల వెనక కూడా అదే దిశలో చిన్న తోకలు కనిపిస్తాయి. అంచు నుంచి అంచుకు కొలిస్తే ఆ అరుగుదల కొలతలో కలిసిపోతుంది. గుంట అడుగు మధ్య గీతను పట్టుకోవాలి. మామూలు వెర్నియర్ దవడలు అక్కడ ఆనవు, కొలత గీతలున్న గాజుపలకతో సరిచూసిన మైక్రోస్కోపు ఫొటో కావాలి. బకిల్ కెమెరాకు ఏమాత్రం వాలినా దూరం తగ్గి కనిపిస్తుంది, నిజమైనది నకిలీలా చిన్నదిగా వస్తుంది. అందుకని రెండు బకిళ్లనూ ఒకే బల్ల మీద, లెన్స్ కదపకుండా తీశాను.

అంచులు, వెనకవైపు

అంచుల సంగతి దీని తర్వాత తేలికే. బయటి అంచులు గుండ్రం. కానీ పట్టీ దూరే సందు లోపలి అంచుల్లో కంపెనీ కోసిన సన్నని ఏటవాలు కోత అలాగే ఉంది, దాని మీద ఒకే దిశలో గీసినట్టున్న నునుపు చారలూ ఉన్నాయి. బఫ్ చక్రం ఆ సందులోకి దూరదు. వెనకవైపు మొలక, కొక్కెం అడ్డం ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ కూడా పాత ఫినిషింగ్ మిగిలింది. నకిలీలో అంచుల మెత్తదనం చక్రం అందే చోటా అందని చోటా ఒకేలా ఉంటుంది. అచ్చుపోతైతే సందు లోపల అచ్చు కలిసిన గీత కూడా వేలిగోటికి తగులుతుంది. ఇక్కడ లేదు.

మొలక మొదట్లో ఇంకోటి దొరికింది. అక్కడ కొత్త పూత సరిగా పట్టక పొరలా లేచింది. దాని కింద ఇత్తడి లేదు, ఇంకో బంగారు పూత ఉంది, రంగు కొంచెం పలుచన, పోలిక బకిల్ రంగుకు దగ్గర. పాత పూత మీద కొత్త పూత.

అప్పుడు ఫోన్ చేశాను. "సర్, ఈ బకిల్‌కు ఎప్పుడైనా మెరుగు పెట్టించారా?" అంటే, "లేదు బాబూ, తుడవడం కూడా తక్కువే" అన్నారు. వెనక నుంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఏవండీ, అమ్మాయి పెళ్లికి ముందు నా గొలుసులతో పాటు ఇచ్చాం కదండీ, పచ్చగా మచ్చలొచ్చాయని." ఆయనకు గుర్తు లేదు. రిపోర్టులో ఆ మాట కారణంగా రాయలేదు, కొలతల కింద విడిగా, ఇంట్లోవాళ్లు చెప్పిన సమాచారం అని రాశాను.

రిపోర్టులో రాసింది, రాయనిది

బకిల్ ఇత్తడితో చేసినది, చెక్కుడు కొలతలు, అంచుల కోత ఆ మోడల్ అసలు బకిల్‌తో సరిపోతున్నాయి, ముందు ముఖాన్ని తర్వాత అరగదీసి నికెల్, బంగారు పూత వేశారు అని రాశాను. పట్టీ గురించి ఏమీ రాయలేదు. విప్పితే ఊడివచ్చే పట్టీకి బకిల్ సాక్ష్యం పలకదు. అసలు బకిల్‌కు నకిలీ పట్టీ, నకిలీ బకిల్‌కు అసలు పట్టీ, రెండూ నేను చూసినవే. అది తోలు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లింది.

రీసేలర్‌కు కొలతల ఫొటోలు పంపితే ఒప్పుకున్నారు. మెరుగు పెట్టిన వస్తువని రాసి, తగ్గించిన ధరకే తీసుకుంటామన్నారు, అది న్యాయమే. పెద్దాయన అమ్మనన్నారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పోలికకు అదే మోడల్ నమ్మకమైన బకిల్ లేకపోతే దూరం కొలిచినా దేనితో పోల్చాలో తెలియదు. కంపెనీ మధ్యలో డిజైన్ కొంచెం మార్చి ఉంటే, అసలువే రెండు కొలతల్లో ఉంటాయి. అందుకని ఒక్క దూరం కుదరలేదని నకిలీ అనకూడదు, కుదింపు అన్ని దూరాల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉందా అని చూడాలి. ఇక కంప్యూటర్‌లో గీసి మెషీన్ మీద ఇత్తడిని నేరుగా కోసి చేసే నకిలీలో కుదింపే ఉండదు. అక్కడ దూరం నోరు మెదపదు. గుంట అడుగు చారలు, సందు లోపలి కోత, పాత పూత రంగు, వీటి మీదే ఆధారపడాలి. ఈ కేసులో అవి కూడా పోలిక బకిల్‌తో కలిశాయి కాబట్టే అంత గట్టిగా రాయగలిగాను.

ఫొటోల మీద చూసే రీసేలర్లను నేను ఇప్పుడు అడిగేవి కొన్ని ఉన్నాయి. ముందువైపు ఒక్కటే కాకుండా పట్టీ విప్పేసి వెనకవైపు, సందు లోపలి అంచు, అరిగిన మూల దగ్గరగా తీసిన ఫొటోలు పంపమనండి. అక్షరాలకు పక్కనుంచి వెలుతురు పడేలా ఒకటి, ఎదుటినుంచి పడేలా ఒకటి. ముందువైపు మెత్తబడి, లోపలి అంచు పదునుగా ఉంటే నకిలీ అని రాయకుండా ఆగి, వస్తువును చేతికి తెప్పించుకోండి.

పెద్దాయన బకిల్ తీసుకెళ్తూ మూలలు బాగోలేవు, మళ్లీ పూత వేయించనా అని అడిగారు. పూత ఒక్కటే వేయించండి, పాత పూతను ద్రావణంలో తీసేయమనండి, ఎమరీకీ చక్రానికీ మాత్రం పట్టనివ్వకండి అని చెప్పాను. కుడి చివరి అక్షరానికి మిగిలింది 0.08 మి.మీ., గతసారి మెరుగు ఆ ఒక్క చోటే 0.10 తీసుకెళ్లింది.